ఎన్‌గాను డెసిషన్ గెలుపు: ఆ రేటు తప్పా, ఒప్పా?

కిరణ్ (హన్మకొండ)
2022 జనవరిలో అనహైమ్‌లో జరిగిన ఎన్‌గాను–సిరిల్ గాన్ మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ ఫైట్ మళ్ళీ చూశాను. ఎవరు గెలుస్తారన్న మనీలైన్‌లో ఇద్దరూ దగ్గర దగ్గరగానే ఉన్నారు కదా, మరి ఎన్‌గాను డెసిషన్ మీద, అంటే జడ్జిల పాయింట్లతో, గెలవడానికి మాత్రం అంత పెద్ద రేటు ఎందుకు ఇచ్చారు? బుకీలు స్టైల్ తప్పుగా చదివారా?

పద్మ (ఎడిసన్)
తప్పేమీ లేదు. ఆ రోజుకి ఎన్‌గాను 16 ఫైట్లు గెలిచాడు. 12 నాకౌట్లు, 4 సబ్మిషన్లు, అంటే పట్టు వేసి ఓటమి ఒప్పించినవి. ఓడినవి మూడు, ఆ మూడూ డెసిషన్లే. అంటే జడ్జిల దాకా వెళ్ళిన ప్రతిసారీ ఓడాడు. 2018లో బోస్టన్‌లో మియోచిచ్ చేతిలో ముగ్గురు జడ్జీల కార్డుల మీదా 50-44. అటువైపు గాన్ అప్పటికి ఒక్క ఫైటూ ఓడలేదు, రోజెన్‌స్ట్రుయిక్ మీదా వోల్కోవ్ మీదా ఐదు రౌండ్లూ ఆడి గెలిచాడు. ఇన్ని తెలిసి ఎన్‌గాను డెసిషన్ అనే పెట్టెకి చిన్న రేటు ఎవరిస్తారు?

శ్రీను (మెల్‌బోర్న్)
పద్మక్కా, ఎదుటివాడు మొదటి రౌండ్‌లోనే కింద పడిపోతుంటే డెసిషన్ దాకా ఎందుకు వెళ్తాడు? డెసిషన్ గెలుపుల్లో ఆ సున్నా ఎన్‌గాను చేతకానితనం కాదు, అవసరం పడలేదంతే.

నేను ఇక్కడ జిమ్‌లో జుజుత్సు నేర్పుతాను. నాకు కనబడింది వేరు. 2021 మార్చిలో మియోచిచ్‌తో రెండో ఫైట్ మొదటి రౌండ్ చూడండి. మియోచిచ్ కాళ్ళ మీదికి దూకాడు. 2018లో ఇదే దూకుడుకి పదే పదే కింద పడ్డ ఎన్‌గాను, ఈసారి నడుము వెనక్కి జార్చి బరువంతా అతని భుజాల మీద వేశాడు. ఆ తర్వాత తిరిగి వెనక్కి చేరి గుద్దులు మొదలుపెట్టాడు. బరువు ఎక్కడ వేయాలో ఎవరో కూర్చోబెట్టి నేర్పించారన్నమాట.

ఇప్పుడు గాన్ వైపు రండి. డాస్ సాంటోస్, రోజెన్‌స్ట్రుయిక్, వోల్కోవ్, లూయిస్. అందరూ నిలబడి కొట్టుకునేవాళ్ళే. గాన్‌ని పట్టుకుని పడేసే ప్రయత్నం గట్టిగా చేసినవాడు లేడు. అతనికి కింద ఆట వచ్చో రాదో ఎవరూ పరీక్షించలేదు. పరీక్షించనిదాన్ని బలం అని లెక్కేసుకున్నారు బుకీలు.

సత్తిబాబు
తెలంగాణలో 2017 నుంచే ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడటం నేరం. కిరణ్ తమ్ముడూ, చూసుకో.

కిరణ్ (హన్మకొండ)
నేను చూడటమే అన్నా, పందెం కాయను.

పద్మ (ఎడిసన్)
శ్రీనూ, ఒక లెక్క వేసి చూపిస్తాను. అంకెలు నేను ఊహించుకున్నవి, ఆ రోజు మార్కెట్‌వి కావు.

ఎన్‌గాను ముందే ముగించడం 38 శాతం, గాన్ ముందే ముగించడం 22. మిగిలిన 40 శాతం జడ్జిల దాకా వెళ్తుంది. అలా వెళ్ళినప్పుడు నూటికి 85 సార్లు గాన్‌దే అనుకుంటే, ఎన్‌గాను డెసిషన్ వాటా 6 శాతం, సరైన రేటు 16.7, అంటే రూపాయికి 16.7 రూపాయలు. మొత్తం మీద ఎన్‌గాను గెలుపు 44 శాతం, రేటు 2.27.

నువ్వు చెప్పిన రెజ్లింగ్ నిజమనుకుందాం. అప్పుడు 6ని 12 చేసి ఊరుకోవడానికి లేదు. పట్టుకుని పడేసేవాడు దూరం నుంచి కొట్టే గుద్దులు తగ్గిస్తాడు. అతని ముగింపు 38 నుంచి 33కి దిగుతుంది, జడ్జిల దాకా వెళ్ళేది 45 అవుతుంది. అందులో అతనికి నూటికి 30 ఇచ్చినా డెసిషన్ 13.5 శాతం, మొత్తం గెలుపు 46.5. మనీలైన్ 2.27 నుంచి 2.15కి వచ్చింది, అంతే. స్టైల్ అంటూ అంత గొడవ చేస్తే కదిలింది ఇంత!

శ్రీను (మెల్‌బోర్న్)
అక్కా, మీ లెక్కలోనే నా జవాబుంది. మనీలైన్ కదల్లేదు సరే, డెసిషన్ రేటు 16.7 నుంచి 7.4కి పడిపోయింది. సగానికన్నా తక్కువ! కిరణ్ అడిగింది మనీలైన్ గురించి కాదు. స్టైల్ తేడా ఎవరు గెలుస్తారన్నదాన్ని కాస్తే కదుపుతుంది, ఎలా గెలుస్తారన్నదాన్ని బాగా కదుపుతుంది. మనీలైన్ మీదికే చాలామంది డబ్బు వస్తుంది, తప్పుంటే గంటల్లో సర్దుకుంటుంది. ఎలా గెలుస్తారన్న మెథడ్ పందేల్లో డబ్బు తక్కువ, పాత రికార్డు చూసి వేసిన రేటు ఫైట్ దాకా అలాగే కూర్చుంటుంది.

బాబ్జీ (లెస్టర్)
మీ శాతాలు పక్కన పెట్టండి. నాకు జరిగింది వినండి. 2017 డిసెంబర్‌లో న్యూయార్క్‌లో లొమచెంకో–రిగాండో బాక్సింగ్ ఫైట్. లొమచెంకో ఏడో రౌండ్‌లో ముగిస్తాడని పందెం కాశాను. ఆరో రౌండ్ అయ్యాక రిగాండో చెయ్యి నొప్పని స్టూల్ మీంచి లేవలేదు. ఏడో రౌండ్ ఆడలేక ఆగిపోయాడంటే ఏడో రౌండ్‌లో ఓడినట్టే కదా? బుకీ ఆరో రౌండ్ అన్నాడు. ఎన్నిసార్లు రాసినా అదే జవాబు. అప్పట్నుంచీ రౌండ్ పందెం అంటే నాకు దొంగాట.

పద్మ (ఎడిసన్)
బాబ్జీ గారూ, దొంగాట కాదండీ. ఆ ఫైట్ అధికారికంగానే ఆరో రౌండ్ అయ్యాక తప్పుకున్నట్టు నమోదైంది. ఏడో రౌండ్ గంటకి మనిషి లేచి రాకపోతే ఆ రౌండ్ మొదలవనట్టే. చాలా బుకీల నిబంధనల్లోనూ రౌండ్ల మధ్య తప్పుకుంటే ముగిసిన రౌండే లెక్క. మెథడ్ పందెంలో అది నాకౌట్ పెట్టెలోకి వెళ్తుంది. కాసేముందు ఈ ఒక్క నిబంధన చదవాలి, ముఖ్యంగా లొమచెంకోలాంటి వాళ్ళ ఫైట్లకి. ఎదుటివాళ్ళు పడిపోరు, విసిగిపోయి స్టూల్ మీదే ఉండిపోతారు.

బాబ్జీ (లెస్టర్)
చదివితే డబ్బు తిరిగొస్తుందా అండీ.

శ్రీను (మెల్‌బోర్న్)
బాబ్జీ గారి మాటలో మనకి పనికొచ్చేది ఒకటుంది. రౌండ్ రేటు వేసేటప్పుడు ఐదు రౌండ్లకీ ముగింపు వాటాని సమానంగా పంచకూడదు. మూడో రౌండ్‌లో గెలవాలంటే ముందు మూడో రౌండ్ దాకా ఫైట్ ఉండాలి. ఎన్‌గానుకి మొదటి రౌండ్ వాటా పెద్దది, తర్వాత తగ్గుతూ పోతుంది. లొమచెంకో గుద్దులు ఒక్కొక్కటీ ప్రాణాంతకం కాదు, అవతలివాడికి దారి దొరక్కుండా చేసి అలిసిపోయేలా చేస్తాడు. కాబట్టి అతని వాటా మధ్య రౌండ్ల నుంచి పెరుగుతుంది. ఇదీ స్టైలే, రికార్డులో అంకెగా కనబడదు.

పద్మ (ఎడిసన్)
మళ్ళీ అదే మాట. ఫలితం తెలిశాక అందరికీ స్టైల్ కనబడుతుంది! ఎన్‌గాను–గాన్ ఫైట్‌లో మొదటి రెండు రౌండ్లూ గాన్‌వే. ఎన్‌గాను మూడో రౌండ్‌లో ఎత్తి పడేసి ఆట మార్చాడు, నిజమే. కానీ ఐదో రౌండ్‌లో గాన్ అతన్ని పడేసి పైనున్నాడు. అక్కడే ఉండి గుద్దుంటే సరిపోయేది. మడమ మెలిపెట్టబోయి కిందికి జారాడు, ఎన్‌గాను పైకొచ్చాడు. ఇద్దరు జడ్జిలు 48-47 ఇచ్చారు, ఒకరు 49-46. ఆ ఐదో రౌండ్ గాన్‌కి పోయుంటే ఆ 48-47లు రెండూ తిరగబడేవి. నువ్వు ముందే చదివానంటున్న స్టైల్ ఒక కాలి పట్టు మీద నిలబడింది. నేను పన్నెండేళ్ళుగా ఇన్సూరెన్స్‌లో రేట్లు వేస్తున్నాను. ఒక్క ఇల్లు కాలిందని ఊరందరి ప్రీమియం తప్పని అనను.

శ్రీను (మెల్‌బోర్న్)
ఇన్సూరెన్స్‌లో మీకు లక్ష ఇళ్ళుంటాయి అక్కా. ఇక్కడున్నవి 19 ఫైట్లు! అందులో దాదాపు సగం రెండు నిమిషాల్లో అయిపోయినవి. వాటిని లెక్కబెట్టి సున్నా అనడం అంకెలు చదవడమా? ఎప్పుడూ మ్యాట్ మీద అడుగు పెట్టనివాళ్ళు రేటు సరైనదని చెప్పడమే నాకు నచ్చదు.

పద్మ (ఎడిసన్)
మ్యాట్ మీద అడుగు పెట్టినవాళ్ళు 2018లో ఏమన్నారో గుర్తుందా? ఓవరీమ్‌ని పడగొట్టిన ఆ ఒక్క దెబ్బ చూసి, ఛాంపియన్ మియోచిచ్‌ని కాదని ఎన్‌గానుని ఫేవరెట్ చేశారు. కళ్ళతో చూసి వేసిన రేటే అది.

సత్తిబాబు
ఇద్దరూ కాస్త నీళ్ళు తాగి రాయండి.

శ్రీను (మెల్‌బోర్న్)
కోపంగా రాశాను, మాట వదిలేయండి అక్కా. కానీ ఓవరీమ్ దెబ్బ స్టైల్ చదవడం కాదు, రీప్లే చూసి మైమరచిపోవడం. ఆ రోజు అడగాల్సింది ఒకటే: మియోచిచ్ పట్టుకుంటే ఇతను లేవగలడా? అది అడగలేదు. 2022లో ఇదే ప్రశ్న గాన్ గురించి అడగాలి, అదీ అడగలేదు. 2023 మార్చిలో జోన్స్ అడిగాడు, రెండు నిమిషాల్లో గొంతు పట్టి ముగించాడు.

పద్మ (ఎడిసన్)
సరే, అసలు మనకి పేచీ ఎక్కడో ఇప్పుడు తెలిసింది. డెసిషన్‌కి నేను 16.7 అన్నదాన్ని 11 అన్నా ఒప్పుకుంటాను. పరీక్షకు నిలబడని బలానికి కొంత తగ్గించాలి, నిజమే. నేను ఒప్పుకోనిది, ఒక్క ఫైట్‌లో ఆ పందెం గెలిచింది కాబట్టి రేటు తప్పు అనడం. 11 సరైన రేటైనా పదకొండింట్లో ఒకసారి అది జరగాలిగా, ఆ ఒకసారి ఇదే కావచ్చు. అదీగాక మెథడ్ పందేల్లో పెట్టెలు ఎక్కువ, ప్రతి పెట్టెలోనూ బుకీ తన మార్జిన్ తీసుకుంటాడు, పెద్ద రేట్లలో ఇంకా ఎక్కువ. సరైన రేటు 11 అయితే 12 ఇచ్చినా నాకు ఆశ పుట్టదు, నా అంచనాలోనే అంతకన్నా పెద్ద పొరపాటు ఉండొచ్చు.

శ్రీను (మెల్‌బోర్న్)
నాకు పుడుతుంది. పరీక్షించని బలం ఉన్న ఫైట్ మళ్ళీ వచ్చినప్పుడు ముందే ఇక్కడ రాస్తాను, తేదీతో సహా. అప్పుడు చూద్దాం.

కిరణ్ (హన్మకొండ)
ఒక సందేహం. ఫైట్ అయ్యాక ఎన్‌గాను తన మోకాలి లిగమెంట్లు ముందే దెబ్బతిన్నాయని చెప్పాడు కదా. అది ముందే మార్కెట్‌కి తెలిసుంటే?

పద్మ (ఎడిసన్)
గాన్ మనీలైన్ వెంటనే పడిపోయేది. ఎన్‌గాను రేట్లన్నీ పెరిగేవి, డెసిషన్‌తో సహా.

శ్రీను (మెల్‌బోర్న్)
మనీలైన్ వరకు ఒప్పుకుంటాను. డెసిషన్ రేటు పెరిగేదంటే మాత్రం ఒప్పుకోను. మోకాలు బాగోలేనివాడు వెనకా ముందూ కదులుతూ గాన్‌ని వెంటాడలేడు, పట్టుకుని బరువు వేయాల్సిందే. ఆ వార్త అతని గెలుపు మొత్తాన్ని తగ్గిస్తుంది, కానీ మిగిలిన గెలుపులో ఎక్కువ భాగాన్ని నాకౌట్ పెట్టెలోంచి తీసి డెసిషన్‌లో వేస్తుంది.

పద్మ (ఎడిసన్)
ఐదు రౌండ్లు ఆ మోకాలితో రెజ్లింగా? పడేయడానికి కాలు తొక్కాలి కదా, నిలబడి కొట్టడం కన్నా మోకాలి మీద అదే ఎక్కువ బరువు. దీనికి జవాబు చెప్పు శ్రీనూ.