ఒక్కో బొమ్మల పుస్తకంలో ఒక్కోలా ఉన్న తెనాలి రామకృష్ణుణ్ణి పిల్లలకి ఎలా గుర్తు పట్టించాలి?

మా పాపకి నాలుగేళ్ళు. ఒక పుస్తకంలో తెనాలి రామకృష్ణుడు గుండు, పిలక, బొజ్జతో ఉంటాడు, ఇంకోదాంట్లో సన్నగా, మీసాలూ తలపాగాతో ఉంటాడు, దాంతో "ఈయన వేరే మామయ్య" అని కథే విననంటోంది.

పిలక చూడమందామంటే తలపాగా కప్పేస్తోంది. పోనీ పక్కనున్న రాయలవారిని ఆనవాలుగా చూపిద్దామంటే, ఒకరు కిరీటం పెడతారు, ఇంకొకరు తిరుమల విగ్రహంలో ఉన్నట్టు పొడుగాటి కుళ్ళాయి (అసలు అదే సరైనదనుకోండి).

మొహం చూపించొద్దంటే కుండ బోర్లించుకుని సభకొచ్చే కథలో మాత్రం, బొమ్మ ఎవరు వేసినా టక్కున పట్టేస్తుంది. అంటే మొహం కన్నా చేసే పనిని బట్టే గుర్తుపడుతోందేమో.

అందుకే ఒకే కథని ఇద్దరు చిత్రకారులు వేసిన పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూపిద్దామనుకుంటున్నా. మీ పిల్లలతో ఎవరైనా అలా చేశారా? ఈ వయసుకి పనికొస్తుందా, లేక కొన్నాళ్ళు ఒకే చిత్రకారుడి పుస్తకాలు చదవడం నయమా?