చెదల మందు రీల్: మొదటి మూడు సెకన్లలో ఏం చూపించాలి?

మందుపంపు (కడప):
కడపలో చిన్న పెస్ట్ కంట్రోల్ నడుపుతున్నా, నేనూ ఇద్దరు పిల్లోళ్ళూ. సొంతిల్లు ఉన్నవాళ్ళ కోసం చెదల మీద ముప్పై సెకన్ల రీల్స్ చేద్దామని ఉంది. ఇంతకుముందు బొద్దింకలది పెడితే ఎనభై వేల మంది చూశారు, ఫోన్ ఒక్కటి రాలేదు. మొదట్లో ఏం చూపిస్తే ఇంటాయన ఫోన్ చేస్తాడు?

మూడు సెకన్లు (అనంతపురం):
అన్నా, నేను షాపులకు రీల్స్ తీసేవాణ్ణి. తొలకరి వానలు మొదలవుతున్నాయి కదా, నీకు ఇంతకంటే మంచి టైం దొరకదు. ట్యూబ్‌లైటు చుట్టూ ఉసిళ్ళు మూగిన షాట్ పెట్టు. మీద పెద్ద అక్షరాల్లో "నిన్న రాత్రి ఇవి మీ ఇంట్లోకి వచ్చాయా? అయితే మీ తలుపులు అయిపోయినట్టే" అని రాయి. చాలామంది సౌండ్ లేకుండా చూస్తారు, కాబట్టి అక్షరాలే మాట్లాడాలి. వాన పడిన మరుసటి పొద్దున ఏడింటికి పెట్టాలి, వారం తర్వాత పెడితే ఎవరికీ గుర్తుండదు. భయపడ్డవాడే ఫోన్ చేస్తాడు.

బొరుగులు:
మా అవ్వ ఉసిళ్ళు వేయించి బొరుగుల్లో కలిపి పెట్టేది. ఇప్పుడు వాటికి రీల్స్.

పాత మేస్త్రి (కర్నూలు):
వాన మరుసటి పొద్దున అన్నది సరైన మాట. రాసే వాక్యం మాత్రం తప్పు. ఈ పనిలో ఇరవై ఏళ్ళకు పైగా ఉన్నా కాబట్టి చెప్తున్నా. ఉసిళ్ళు రెక్కలొచ్చిన చెదలే, అందులో అనుమానం లేదు. కానీ కిటికీ తెరిచి లైటు వేస్తే వీధిలో ఉన్నవన్నీ లోపలికొస్తాయి. పొద్దున ట్యూబ్‌లైటు కింద రెక్కలు ఊడ్చి పోస్తే సరి. అలా వచ్చిన వాటిలో చాలావరకు చచ్చిపోతాయి. ఒక జంట బతికి మట్టిలో గూడు పెట్టుకున్నా, అది ఇంటికి నష్టం చేసే స్థాయికి రావడానికి ఏళ్ళు పడుతుంది.

భయపడాల్సింది ఎప్పుడంటే, కిటికీలు మూసి ఉన్నా రెక్కలు కనబడినప్పుడు. లేదా ద్వారబంధం మొదట్లో, గోడకూ బండకూ మధ్య సందులో నుంచి అవి బయటికి వస్తుంటే చూసినప్పుడు. అంటే గూడు ఇప్పటికే ఇంటి కింద ముదిరి ఉంది. కాబట్టి "వచ్చాయా" అని కాదు, "ఎక్కడి నుంచి వచ్చాయి" అని అడగాలి. మొదటి షాట్‌లో లైటు వద్దు. చీపురుతో ద్వారబంధం మూల నుంచి రెక్కలు లాగుతున్నట్టు చూపించు.

మూడు సెకన్లు:
మేస్త్రీ, మీరు చెప్పింది పాఠం. పాఠం ముప్పయ్యో సెకనులో చెప్పొచ్చు. మొదటి మూడు సెకన్లలో "కిటికీ మూసి ఉంటేనే" అని షరతు పెడితే జనం వేలితో పైకి తోసేస్తారు. నేను గ్రాఫ్ రోజూ చూస్తా, గీత అక్కడే పడిపోతుంది.

పాత మేస్త్రి:
తోసేయనీ. కిటికీ తెరిచి పెట్టుకున్నవాడు ఫోన్ చేస్తే నువ్వు బండేసుకుని ఇరవై కిలోమీటర్లు పోయి "ఏం లేదు సార్" అని చెప్పి రావాలి. లేదంటే ఏమీ లేని ఇంటికి రంధ్రాలు వేసి డబ్బులు తీసుకోవాలి. నీ గీత పడకపోతే మా పరువు పడుతుంది.

ద్వారబంధం (ప్రొద్దుటూరు):
నేను రిటైరైన టీచరమ్మను. నాయనా, మీ మూడు సెకన్ల గొడవ పక్కన పెట్టండి, నా సంగతి వినండి. పోయిన సంవత్సరం హాలుకు, రెండు పడకగదులకు చెదల మందు వేయించాను. ఇద్దరు పిల్లలు ఒక వీపు పంపు తెచ్చారు, పొలాలకు కొడతారే, అదే. గోడ వెంబడి రంధ్రాలు వేసి ఒక్క పూటలో ముగించి వెళ్ళారు. ఎనిమిది నెలలకు మళ్ళీ అదే ద్వారబంధానికి మట్టి గీత. అసలు మందు వాసనే రాలేదు. నీళ్ళు పోసి పోయారని నా అనుమానం. గ్యారంటీ కార్డు పట్టుకుని ఫోన్ చేస్తే ఆ నంబరు పనిచేయదు. మీ రీల్‌లో ఏం చూపిస్తే నేను నమ్ముతాను, అది చెప్పండి.

పాత మేస్త్రి:
అమ్మా, వాసన రాలేదంటే నీళ్ళని కాదు. ఇప్పుడు ఎక్కువగా వాడే ఇమిడాక్లోప్రిడ్‌కు వాసన దాదాపు ఉండదు. ఒకప్పటి క్లోర్‌పైరిఫాస్ అయితే వీధి చివరిదాకా తెలిసేది. అనుమానించాల్సింది వాసనను కాదు, ఆ ఒక్క పంపును.

లెక్క చూడండి. పన్నెండుకు పది అడుగుల గది చుట్టుకొలత నలభై నాలుగు అడుగులు. తలుపు తీసేస్తే అడుగుకొక రంధ్రం చొప్పున నలభై దాకా వస్తాయి. చెదల మందుకు ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 6313 ప్రకారం 12 ఎం.ఎం. రంధ్రం గోడా నేలా కలిసే చోట వేసి, మట్టి ఇక తాగను అనేదాకా మందు పోయాలి. ఎక్కువలో ఎక్కువ రంధ్రానికి లీటరు. అంటే గట్టిగా తాగే నేలయితే ఒక గదికే నలభై లీటర్లు. వీపు పంపులో పట్టేది పదహారు. మీ మూడు గదులకు నూటఇరవై రంధ్రాలనుకుంటే, ఆ ఒక్క పంపుతోనే సరిపెట్టి ఉంటే రంధ్రానికి సుమారు నూటముప్పై మిల్లీలీటర్లే పడింది. పైగా రంధ్రం బండ దాటి కింద మట్టిలోకి దిగిందా, స్కర్టింగులో రెండంగుళాలతో ఆపారా?

ద్వారబంధం:
స్కర్టింగులోనే. బండ పగులుతుందమ్మా అన్నారు. మావి నల్ల కడప బండలు, నేనే సరేనన్నాను.

మూడు సెకన్లు:
అన్నా, జనాన్ని ఆపే హుక్ ఇదే! గది మధ్యలో రెండు డ్రమ్ములు, పక్కన ఒక వీపు పంపు. "ఈ గదికి కావాల్సింది ఇంత. మీ ఇంట్లో పోసింది ఎంత?" ఉసిళ్ళ మాట వదిలేస్తున్నా, ఇది దానికంటే బాగుంది.

బొరుగులు:
అరగంటలో పార్టీ మారినాడు.

మందుపంపు:
నేను అడిగింది వీడియో మొదట్లో ఏం పెట్టాలని. మీరు లీటర్ల పంచాయితీ పెట్టారు. మేస్త్రీ, మీ లెక్క పుస్తకంలోది. అన్ని నేలలూ లీటరు తాగవు. కొన్ని రంధ్రాల్లో పావు లీటరుకే పైకి తంతుంది.

పాత మేస్త్రి:
తన్నితే ఆపు, నేనూ అదే రాశాను. కానీ నూటఇరవై రంధ్రాలూ పావు లీటరుకే తన్నవు కదా. ఇంతకీ ఈ మందు ఖరీదుదా అంటే, 30.5 శాతం ఇమిడాక్లోప్రిడ్ లీటరు నీళ్ళకు 2.1 మిల్లీలీటర్లు. నలభై లీటర్లకు ఎనభై నాలుగు మిల్లీలీటర్లు. మిగిలేది మందు కాదు, నీళ్ళు మోసే ఓపిక.

ద్వారబంధం:
ఎనభై నాలుగు మిల్లీలీటర్లేనా! దానికి అంతంత అడుగుతారా?

మందుపంపు:
ఇదిగో, ఇందుకే నాకు ఈ హుక్ వద్దంటున్నా! అమ్మా, ఎనభై నాలుగు మిల్లీలీటర్లని మీరు తెలుసుకున్నారు. బండలో డ్రిల్ బిట్లు విరుగుతాయని ఎవరు చెప్తారు? బండ పగిలితే మా ఖర్చుతోనే మార్చాలి. నల్ల బండకు తెల్ల సిమెంటు పూస్తే తిడతారు, నల్ల రంగు కలిపి పూడ్చాలి. ఇద్దరు మనుషులకు ఒక రోజంతా పని. ఇదంతా చెప్పి రేటు చెప్తే "పక్కన సగానికే చేస్తామన్నారు" అంటారు. సగానికి ఒప్పుకుంటే ఎవరైనా ఏం చేస్తారు? రెండు పంపులు పోసి వస్తారు.

పాత మేస్త్రి:
ఎవరైనా అంటే?

మందుపంపు:
నేనే. పోయినేడు బేరానికి దిగి పదకొండు ఇళ్ళకు అట్లే చేశా. మూడు గదులకు రెండు పంపులు, ముప్పై రెండు లీటర్లు. ఇప్పుడు డ్రమ్ముల వీడియో పెడితే మొదటి ఫోన్లు ఆ పదకొండు ఇళ్ళ నుంచే వస్తాయి. అందుకే బొద్దింకల్లాంటిది ఏదైనా చెప్పండి అని వచ్చా.

మూడు సెకన్లు:
అన్నా కోప్పడకు. ఇంకా మంచి హుక్ నీ నోటి నుంచే వచ్చింది. ఆ పదకొండులో ఒక ఇంటి ముందు నిలబడి "పోయినేడు ఈ ఇంటికి నేనే మందు తక్కువ పోశాను" అను. జనం ఆగకుండా ఉండలేరు.

పాత మేస్త్రి:
ఆగుతారు, తర్వాత నీ నంబరు బ్లాక్ చేస్తారు. పైగా పక్కవాళ్ళు ఆ ఇంటిని గుర్తుపడతారు. మా కంపెనీ పేరున్న వ్యాను వాకిట్లో ఆపొద్దు, సందు చివర పెట్టండి అనే ఇళ్ళు సగం ఉంటాయి. ఇంట్లో చెదలున్నాయని ఊరికి తెలియడం వాళ్ళకు ఇష్టముండదు. బొద్దింకలు చూసిన ఎనభై వేల మందిలో ఒక్కరూ ఫోన్ చేయలేదంటే, ఇన్‌సైట్స్‌లో ఊళ్ళు చూడు, కడప వాళ్ళు ఎందరో. ఉన్నవాళ్ళు కూడా ఆ మురికి తమ ఇంటిదని ఎందుకు ఒప్పుకుంటారు?

నీకు నా సలహా ఇది. కడప బండల అల్మరా తీసుకో. రాయిని చెద తినదని అందరికీ ధైర్యం. కానీ బండా గోడా కలిసే సందులో మట్టి దారి కట్టుకుని పై అరలో చీరల దాకా పోతుంది. నల్ల రాయి మీద ఎర్రమట్టి గీత కెమెరాకు బ్రహ్మాండంగా పడుతుంది. మొదటి షాట్‌లో గోరుతో ఆ గీతను అంగుళం మేర గీరు, లోపల తెల్లగా పరుగెత్తుతాయి. "రాతి అల్మరాకు చెద పడుతుందా?" అని రాయి. మూడో రోజు అదే చోట ఇంకో షాట్ తియ్యి. గండి పూడ్చి ఉంటే గూడు బతికే ఉంది. పూడ్చకపోయినా పోయిందని చెప్పకు, వేరే దారి పట్టి ఉండొచ్చు. ఇల్లెవరిదో తెలియదు, ఎవరి పరువూ పోదు.

మూడు సెకన్లు:
మూడో రోజు దాకా ఎవరు ఆగుతారు మేస్త్రీ?

పాత మేస్త్రి:
రెండు రోజులూ నువ్వు ఆగు. చూసేవాడికి అది వీడియోలో ఒక్క కట్.

మందుపంపు:
అల్మరా నచ్చింది. మా పిన్ని వాళ్ళింట్లోనే ఉంది అట్లాంటిది. చివర్లో లీటర్లు చెప్పాలా వద్దా, అది ఇంకా తేల్చుకోలేదు.

ద్వారబంధం:
చెప్పకపోతే ఈ వీడియో కూడా నా గ్యారంటీ కార్డు లాంటిదే నాయనా. ఇంతకీ ఆ పదకొండు ఇళ్ళలో ప్రొద్దుటూరు ఏమైనా ఉందా?

మందుపంపు:
లేదమ్మా. పది కడపలోవి, ఒకటి కమలాపురం. నిజంగా.

బొరుగులు:
ఎర్రముక్కపల్లిలో చినుకులు మొదలైనాయి. కిటికీలు మూసుకోండి, పొద్దున రెక్కలు లెక్కపెట్టాలి.