జిట్టర్ బఫర్‌కి "వణుకు తొట్టి" సరిపోతుందా?

గౌతమి గట్టు: నెట్ ఫోన్లు బిగించే కుర్రాళ్ళ కోసం తెలుగులో చిన్న పుస్తకం తయారవుతోందండీ. జిట్టర్ బఫర్‌ని "వణుకు తొట్టి" అని, ప్యాకెట్ లాస్ కన్సీల్‌మెంట్‌ని "నష్ట గోపనం" అని రాశాను. రెండోది చదివితే లెక్కల్లో మోసంలా ఉంది. మంచి మాటలు చెప్పండి.

పాలకొల్లు లైన్లు: మొదటిదీ కుదరదండీ. అక్కడ వణికేది ఏమీ లేదు. అవతలి ఫోను మాటని 20 మిల్లీసెకన్ల ముక్కలుగా, అంటే ప్యాకెట్లుగా కోసి, సెకనుకి 50 చొప్పున సమానమైన ఎడంతో పంపుతుంది. దారిలో ఆ ఎడం చెదిరి, ఒకటి ఆగి వస్తుంది, నాలుగు ఒక్కసారే వచ్చి పడతాయి. ఇవతలి ఫోను వాటిని ఈ బఫర్‌లో కాసేపు పట్టి ఉంచి, మళ్ళీ సమానమైన ఎడంతో వినిపిస్తుంది. కాబట్టి "ఎడం తేడా" అంటే విషయానికి దగ్గర.

లంక గాలి: అయితే మన మంచినీళ్ళ చెరువే కదండీ! వేసవిలో కాలువలు కట్టేసే ముందు నింపుకుంటాం, కాలువ ఆగినా కుళాయి ఆగదు. చెరువు ఎంత పెద్దదైతే అంత మంచిది.

పాలకొల్లు లైన్లు: పోలిక సగం దాకా బాగుంది. కాలువ ఎప్పుడు కడతారో మనకి ముందే తెలుసు, ప్యాకెట్ ఎప్పుడు ఆగుతుందో ఫోనుకి తెలీదు. పైగా నిలవ పెంచితే మాట అంతసేపు పాతబడుతుంది. నోటి నుంచి చెవికి 150 మిల్లీసెకన్లు దాటకపోతే మంచిదని జి.114 ప్రమాణం చెబుతుంది. బాగా దాటితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడి, ఒకేసారి ఆగిపోతారు.

రొయ్యల కాటా: మాటల సంగతి ఏమో గానీ, మా ఆఫీసు నెట్ ఫోనులో ధర "మూడొందల ఇరవై" అంటే అవతల "మూడొందల అరవై" అని రాసుకున్నారండీ. చెవి లోపమా, సిగ్నల్ లోపమా?

పాలకొల్లు లైన్లు: మీ కాల్‌లో ఇదే జరిగిందని చూడకుండా చెప్పలేను గానీ, ఇలా జరగడానికి దారి ఉంది. మామూలుగా ప్యాకెట్‌కి దారిలో 40 మిల్లీసెకన్లు పడుతోందనీ, బఫర్ ఇంకో 40 ఆపుతోందనీ అనుకోండి. అంటే 80 లోపు వచ్చిందే వినిపిస్తుంది. అదే వైఫైలో ఎవరో పెద్ద వీడియో పంపుతుంటే ఒక ప్యాకెట్ 130 పట్టి వచ్చింది. దాని వెనకే ఇరుక్కున్నవి 111, 92, 73 పట్టి వస్తాయి. చివరిది అందుకుంటుంది, మొదటి మూడూ చేరినా పనికిరావు, ఫోను పారేస్తుంది. 60 మిల్లీసెకన్ల కన్నం. మీ "ఇ" మొత్తం అందులో పడిపోవచ్చు.

ఇప్పుడు కన్నం పూడ్చాలి. మాటని అంకెలుగా మార్చే జి.711 కోడెక్‌తో ఇచ్చిన పద్ధతి ఏం చేస్తుందంటే, అంతకుముందు వినిపించిన స్వరంలో చివరి అలని తీసుకుని మళ్ళీ మళ్ళీ వేస్తుంది. మొదటి 10 మిల్లీసెకన్లు పూర్తి గొంతుతో, తర్వాత ప్రతి 10కీ 20 శాతం తగ్గిస్తూ, 60కి మౌనం. "మూడొందల" చివర ఉన్నది "అ". ఆ "అ"నే సాగదీసి "ఇ" ఉండాల్సిన చోట పెడుతుంది. తర్వాత "రవై" శుభ్రంగా వినిపిస్తుంది. విన్నవాడికి అరవై!

నర్సాపురం లేసు: అది గోపనం కాదండీ, మాటు! బిందెకి కన్నం పడితే మాటు వేయిస్తాం కదా. "మాటు వేయడం" అని రాయండి.

గౌతమి గట్టు: మాటు చాలా బాగుంది. కానీ మాటుకి రేకు బయటి నుంచి తెస్తారు, ఇక్కడ పక్క గుడ్డలో దారమే లాగి అల్లుతున్నారు. "రఫూ" కాదూ?

పాలకొల్లు లైన్లు: పనితీరుకి రఫూనే దగ్గర. అందుకే వాక్యం మొదట్లో కన్నం పడితే అది పనిచేయదు. ముందున్నది మౌనం, అల్లడానికి దారమే లేదు. ఒట్టి "ఇరవై" అంటే "రవై" అనే వినిపిస్తుంది.

లంక గాలి: మరి జనం "మూడొందలిరవై" అని సంధి చేసి పలుకుతారు కదా. అప్పుడు "అ" లేదుగా?

పాలకొల్లు లైన్లు: మంచి ప్రశ్న. అప్పుడు సాగేది "ల్" మోత. విన్నవాళ్ళు దాన్ని ఇరవై అనుకుంటారో అరవై అనుకుంటారో, వినిపించి చూడాల్సిందే.

రొయ్యల కాటా: మా లైను వాళ్ళు చూసి ప్యాకెట్ నష్టం సున్నా అన్నారే!

పాలకొల్లు లైన్లు: అది అబద్ధం కాదండీ, అన్నీ చేరాయి, ఆలస్యంగా చేరాయి. వినే ఫోను వైపు పట్టిన ప్యాకెట్ల కాపీని, వాటిని విప్పి చూపించే వైర్‌షార్క్‌లో తెరిచి, `Telephony > RTP > RTP Streams`లో `Lost`తో పాటు `Max Delta` కూడా చూడమనండి. పైన చెప్పిన కాల్‌లో అది 110 ఉంటుంది, ఉండాల్సింది 20. జిట్టర్ అంకెని నమ్మొద్దు, ప్రతి తేడాలో 16వ వంతే అందులో కలుస్తుంది కాబట్టి ఇంత కుదుపుకీ 10 దాటదు. ముందు ఫోనుకి వైరు పెట్టించండి. అదయ్యేదాకా ధరని "మూడు, రెండు, సున్నా" అని అంకెలుగా చెప్పించండి.

గౌతమి గట్టు: "ఎడం తేడా నిలవ", "రఫూ" అని రాసుకుంటున్నాను. లేసు గారు మాటు మీదే ఉన్నారా?

నర్సాపురం లేసు: ఉన్నానండీ. రఫూ అంటే ఈ కాలం కుర్రాళ్ళకి తెలుసో లేదో, ముందు వాళ్ళనే అడగండి.