సప్లయరుకి 'వాయిదా' అని రాస్తే లోడు ఆగిపోయింది, మరి ఏ మాట రాయాలి?

అందరికీ నమస్కారమండి. మాది ఉండి దగ్గర రొయ్యల చెరువులకి మినరల్సూ మందులూ అమ్మే షాపు. మినరల్స్ తయారుచేసే ఒక యూనిట్టు నుంచి ఏడాదిన్నర బట్టీ సరుకు తెప్పిస్తున్నాను, 30 రోజుల అరువు మీద. రైతు మాత్రం పట్టుబడి అయ్యాకే కదండీ మనకి ఇచ్చేది, పిల్ల వేసిన దగ్గర్నుంచి మూడు నాలుగు నెలలు పడుతుంది, అందుకని సప్లయరు గారిని 60 రోజులు అడుగుదామని వాట్సాప్‌లో ఇలా రాశాను: "ఆర్డర్లు పెరిగాయి, ఎప్పుడూ టైంకే కట్టాం, దయచేసి 60 రోజులు వాయిదా ఇవ్వగలరు". మర్నాడు రావాల్సిన లోడు రాలేదు. ఫోన్ చేస్తే ఆయన "ఏమైందండీ, ఇబ్బందుల్లో ఉన్నారా, ముందు పాత బిల్లులు క్లియర్ చెయ్యండి" అన్నారు. నాకు ఏ ఇబ్బందీ లేదండి, మాటే ఎక్కడో తేడా కొట్టింది. వాయిదా, గడువు, అరువు, వీటిలో ఏది రాస్తే నేను అడిగేది తిన్నగా వెళ్తుంది?

నరసాపురం, తెలుగు మాస్టారు (రిటైర్డ్): వాయిదా మన మాట కాదు నాయనా, ఉర్దూ నుంచి వచ్చింది, అక్కడ దాని అర్థం మాట ఇవ్వడం. మనకొచ్చేసరికి కిస్తీ అయింది. "వాయిదాల మీద కడతాను" అంటాం చూడు. నువ్వు ముక్కలు ముక్కలుగా కడతానన్నావని ఆయన అనుకున్నాడు. గడువు అని రాయి, గడచు, గడుపు, గడువు, అన్నీ ఒక కుటుంబం, అచ్చ తెలుగు.

తణుకు, మిల్లు అకౌంట్స్ చూసే ఆవిడ: మాస్టారూ కిస్తీ అర్థం ఉన్నమాట నిజమేనండి, కానీ ఇక్కడ ఆయన్ని భయపెట్టింది అది కాదేమో. కేసు వాయిదా పడింది అంటాం కదా, ఆ వాయిదా. అంటే ఇవాళ జరగాల్సింది జరగలేదు, ముందుకి తోశారు అని. చేతిలో కట్టాల్సిన బిల్లు పెట్టుకుని వాయిదా అడిగితే ఈ నెల డబ్బు లేదనే వినపడుతుంది. 'గడువు పెంచండి' అన్నా అదే చిక్కు, పాత బిల్లులకా, రాబోయే బిల్లులకా అన్నది అందులో లేదు. 'అరువు పెంచండి' అంటే ఇంకోలా పోతుంది, రోజులు కాదు, ఎక్కువ సరుకు ఇమ్మంటున్నారనుకుంటారు. కాబట్టి ఒక్క మాట మార్చితే సరిపోదు, "ఇక మీదట వేసే బిల్లులకి" అని మొదట్లోనే రాయాలి, ఆ వెంటనే "ఇప్పుడున్న బిల్లులు పాత 30 రోజుల లెక్కనే కట్టేస్తాం" అని. ఈ రెండో వాక్యం చూశాకే ఆయన మనసు కుదుటపడుతుంది.

కాళ్ళ మండలం, చెరువుల రైతు: అన్నా రైతుకి అరువు ఇచ్చేటప్పుడే గట్టిగా రాయించుకో, పట్టుబడి రోజే వసూలు చేసుకో. అరువు సొమ్ము బరువు చేటు అని ఊరికే అన్నారా.

అడిగిన షాపు ఆయన: బాబాయ్ నేను రైతుల్ని అడగట్లేదండి, నాకు సరుకు ఇచ్చేవాళ్ళని అడుగుతున్నాను.

మండపేట, రైస్ మిల్లు: మా సంగతి చెప్తానండి. గోనె సంచుల వాళ్ళకి మేం "60 రోజుల తర్వాత కడతాం" అని రాశాం. మా ఉద్దేశం అరవయ్యో రోజున అని. వాళ్ళు మాత్రం తర్వాత అంటే ఎప్పుడని అడిగి అడిగి చివరికి మానేశారు. అది కరెక్టే కదా, 'తర్వాత'కి చివర అంటూ లేదు. '60 రోజులకి' అంటే ఆ రోజుకి, '60 రోజుల్లో' అంటే ఆ లోపు ఎప్పుడైనా. మేం ఇప్పుడు 'లోపు' అనే రాస్తాం. ఇంకోటి, ఎప్పటి నుంచి లెక్క అన్నది కూడా రాయండి, బిల్లు తేదీ ఒకటి, లారీ దిగేది ఇంకోటి, మాకు దాని దగ్గరే నాలుగు రోజులు తేడా వచ్చి మాట పడ్డాం.

తణుకు ఆవిడ: సరిగ్గా చెప్పారండి. షాపు వారిని ఒకటి అడగాలి, ఆర్డర్లు పెరిగాయి అంటున్నారు, ఎంత నుంచి ఎంత? ఎప్పుడూ టైంకే అంటున్నారు, నిజంగా ఎప్పుడూనా?

షాపు ఆయన: పోయినేడు నెలకి 1,20,000 దాకా కొనేవాణ్ణి, ఈ ఆరు నెలల్లో నెలకి 2,00,000 వస్తోందండి. ఇప్పటిదాకా కట్టిన బిల్లులు మొత్తం 16. పుస్తకం తీసి చూస్తే 14 గడువు లోపే కట్టాను, సంక్రాంతికి ఒకటి 3 రోజులు, ఇంకోటి 5 రోజులు ఆలస్యం.

తణుకు ఆవిడ: అయితే 'ఎప్పుడూ' తీసేయండి. ఆయన దగ్గరా పుస్తకం ఉంటుంది, ఆ రెండూ కనపడగానే మిగతా 14 కూడా నమ్మరు. "16 బిల్లుల్లో 14 గడువు లోపే, రెండు మాత్రం 3, 5 రోజులు ఆలస్యం" అని ఉన్నదున్నట్టు రాస్తే దానికి బరువుంటుంది. ఇక ఆర్డర్ల సంగతి, మీకు అది బలంగా కనపడుతుంది కానీ ఆయన వైపు నుంచి చూడండి. నెలకి 2 లక్షల సరుకు, 30 రోజుల మీద అయితే మీ దగ్గర ఆయన డబ్బు 2 లక్షల దాకా ఉంటుంది, 60 అయితే 4 లక్షలు. పోయినేడు 1,20,000 ఉండేది. ఆయన బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ మీద ఏడాదికి 12 శాతం వడ్డీ కడుతున్నారనుకుందాం, అప్పుడు 2 లక్షల బిల్లుకి అదనపు నెల ఖర్చు 2,000. అది ఎవరు భరిస్తారన్నది ఉత్తరంలో లేకపోతే ఆయన రేటులో కలిపేస్తారు. నెలకి ఇంత తక్కువ కాకుండా కొంటామని మాటిచ్చి అడగండి, పెరిగింది కాబట్టి ఇవ్వండి అంటే చాలదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. వాళ్ళే తయారు చేస్తారన్నారు కదా, ఉద్యం రిజిస్ట్రేషన్‌లో సూక్ష్మ లేదా చిన్న యూనిట్టా? అయితే 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం మీరిద్దరూ ఒప్పుకుని రాసుకున్నా 45 రోజులు దాటకూడదు. దాటితే వడ్డీ పడుతుంది, పైగా ఏడాది చివర్లో అలా మిగిలిన బిల్లు, కట్టిన ఏడాదే తప్ప ఆ ఏడాది ఖర్చు కింద ఇన్‌కం టాక్స్‌లో చూపించనివ్వరు. కొని అమ్మే వ్యాపారి అయితే, మీడియం యూనిట్టు అయితే ఇది వర్తించదు.

మాస్టారు: అమ్మా, ఇద్దరూ ఇష్టపడి ఒప్పుకుంటే చట్టానికి ఏం పని?

తణుకు ఆవిడ: మీ సందేహం న్యాయమైనదేనండి, మా యజమాని కూడా ఇదే అంటారు. కానీ చట్టంలో ఒప్పందం ఉన్నా గరిష్ఠం 45 రోజులే.

షాపు ఆయన: బిల్లు మీద UDYAM-AP అని నంబరు ఉందండి, ఏ రకమో దాని మీద లేదు.

తణుకు ఆవిడ: నంబరు చూసి తెలియదండి, సర్టిఫికెట్ మీద ఉంటుంది, కాపీ అడగండి.

షాపు ఆయన: అడిగానండి, చిన్న తరహా, తయారీ అని ఉంది. ఉత్తరం ఇలా మార్చాను: "ఇక మీదట వేసే బిల్లులకి, సరుకు దిగిన రోజు నుంచి 45 రోజుల లోపు కడతాం. ఇప్పుడున్న రెండు బిల్లులు 30 రోజుల లెక్కనే కట్టేస్తాం. నెలకి 1,80,000 తక్కువ కాకుండా తీసుకుంటాం. ఇప్పటికి 16 బిల్లుల్లో 14 గడువు లోపే, రెండు 3, 5 రోజులు ఆలస్యం." వడ్డీ సంగతి రాయలేదు, ఆయనే అడిగితే మాట్లాడదామని. 60 కాదు 45 అయిందన్న బాధ ఉంది కానీ రేపు పంపుతున్నానండి.

మండపేట మిల్లు: 'దిగిన రోజు' అన్నారు బాగానే ఉంది, ఒక లోడు రెండు ట్రిప్పుల్లో దిగితే ఏ రోజండీ?