నెల తప్పిన లెక్కా, స్కానింగు లెక్కా? అమ్మాయి ఉత్తరంలో పది రోజుల తేడా

ప్రొద్దుటూరు అమ్మ:
డాలస్‌లో ఉన్న మా అమ్మాయి ఉత్తరం రాసింది. ఆ మాటలే ఇక్కడ పెడుతున్నాను.

"అమ్మా, ఫోనులో చెబితే నువ్వు ఏడుస్తావు, నేనూ ఏడుస్తాను, ఒక్క మాటా సరిగ్గా చెప్పుకోలేం. అందుకే రాస్తున్నాను. మార్చి 10న బయట చేరాను, మళ్ళీ చేరలేదు. ఏప్రిల్ 14న పరీక్ష చేసుకుంటే ఒక్క గీతే. 24న రెండో గీత కూడా వచ్చింది. మే 9న స్కానింగు చేశారు. మన చేలో వేరుశనగ గింజంత ఉంది, 10 మిల్లీమీటర్లట. నడుమ మినుకుమినుకుమంటూ గుండె, నిమిషానికి 138 సార్లు. ఏడు వారాల ఒక రోజు అన్నారు. కానుపు డిసెంబరు 25 అని రాసిచ్చారు."

మార్చి 10 నుంచి లెక్కపెడితే మే 9కి ఎనిమిది వారాల నాలుగు రోజులు కావాలి. ఆ పది రోజులు ఏమైనట్టు? బిడ్డ ఎదగడం లేదా? నెల తప్పిన లెక్కే నిజం, కానుపు డిసెంబరు 15 అని మా తోడికోడలు అంటోంది. టిక్కెట్టు తీయాలి. ఏ తేదీ నమ్మాలి?

ధర్మవరం అత్తమ్మ:
నెల తప్పిన తేదీనే నమ్మండి వదినా. మా కోడలికి ఎనిమిదో నెలలో స్కానింగు చేసి ఒక తేదీ చెప్పారు, మూడు వారాలకు మళ్ళీ చేసి ఇంకో తేదీ చెప్పారు. చివరికి నేను వేళ్లమీద లెక్కపెట్టిన వారంలోనే కానుపైంది. యంత్రం కొలత యంత్రానిది, మన లెక్క మనది.

కర్నూలు నర్సమ్మ:
ధర్మవరం అమ్మ చెప్పినది ఎనిమిదో నెలకు నిజం. అప్పటికి ఒక బిడ్డ బొద్దుగా, ఒక బిడ్డ సన్నగా ఉంటారు కాబట్టి కొలత రెండు మూడు వారాలు అటూఇటూ పోతుంది. ఏడెనిమిది వారాలప్పుడు అలా కాదు. ఎవరి కడుపులోనైనా పిండం దాదాపు ఒకే కొలతలో పెరుగుతుంది, తప్పినా నాలుగైదు రోజులే. అందుకే తొమ్మిది వారాల లోపు తేడా ఐదు రోజులు దాటితే డాక్టర్లు స్కానింగు తేదీనే తీసుకుంటారు. తర్వాతి స్కానింగుల్లో ఏమి వచ్చినా దాన్ని మార్చరు.

మీ అమ్మాయి ఉత్తరంలోనే జవాబు ఉందమ్మా. నెల తప్పిన లెక్క ఇరవై ఎనిమిది రోజులకు ఒకసారి ఠంచనుగా బయట చేరేవాళ్లకు సరిపోతుంది. అలాగైతే మార్చి 24 ప్రాంతంలో గర్భం నిలవాలి, ఏప్రిల్ 14కి మూడు వారాలు గడిచినట్టు, రెండో గీత స్పష్టంగా రావాలి. రాలేదు. వారాల లెక్క గర్భం నిలవడానికి రెండు వారాల ముందు నుంచే మొదలవుతుంది కాబట్టి, స్కానింగు లెక్కన ఏప్రిల్ 3 దగ్గర నిలిచింది. 14కి పదకొండు రోజులే, గీత రాకపోవడమే సహజం. ఆ పది రోజులు ఎక్కడికీ పోలేదు, గర్భమే ఆలస్యంగా నిలిచింది. ఎన్ని రోజులకొకసారి బయట చేరేదో అమ్మాయిని అడగండి.

ఆదోని సోదరి:
నాకు ఇలాగే తేడా వచ్చింది. "ఆలస్యంగా నిలిచి ఉంటుంది" అని సర్దిచెప్పారు. పది రోజులకు మళ్ళీ చూస్తే పిండం ఒక్క మిల్లీమీటరు కూడా పెరగలేదు, గుండె ఆగిపోయి ఉంది. ఆ మాట నమ్మి ఇంట్లో ఉయ్యాల కూడా దించాం. అమ్మా, ఇంకో స్కానింగు అయ్యేవరకు ఊరంతా చెప్పకండి.

కర్నూలు నర్సమ్మ:
మీ బాధ అర్థమైంది తల్లీ. మీకు మొదటిసారి గుండె ఎన్నిసార్లు కొట్టుకుందని చెప్పారో గుర్తుందా? ఆ వారాల్లో నూరుకు తగ్గితే మేము భయపడేవాళ్లం. ఇక్కడ 138 ఉంది, అది మంచి గుర్తు. పిండం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది కాబట్టి పది రోజుల తర్వాత కొలిస్తే 20 దగ్గరికి రావాలి. అయినా ఈ అమ్మాయికి ఆ స్కానింగు తప్పనిసరి అని నేను అనను. రక్తం కనిపించినా, కడుపులో నొప్పి వచ్చినా మాత్రం ఆ రోజే వెళ్లాలి.

ఆదోని సోదరి:
నేనైతే చేయించుకోమనే అంటాను. నాకు రక్తం కనిపించలేదు, నొప్పీ రాలేదు.

ధర్మవరం అత్తమ్మ:
మరి సీమంతం ఏ లెక్కన చేయాలి? ఏడో నెల ఎప్పుడు వచ్చినట్టు?

కర్నూలు నర్సమ్మ:
అది మీ ఇంటి పెద్దలు తేల్చుకోవలసినది. అక్కడి డాక్టర్లు మాత్రం డిసెంబరు 25నే పట్టుకుంటారు. తేదీ దాటిందని నొప్పులు తెప్పించే రోజు కూడా దాన్నిబట్టే నిర్ణయిస్తారు. 15 అనుకుంటే బిడ్డను పది రోజులు ముందే బయటికి తీసినట్టవుతుంది. చెప్పిన రోజునే ప్రసవించేవాళ్లు నూరింట నలుగురైదుగురే, మీరు నవంబరు చివరికి అక్కడ ఉండేలా టిక్కెట్టు తీయండి.

ప్రొద్దుటూరు అమ్మ:
అమ్మాయిని అడిగాను. పెళ్లికి ముందు సరిగ్గానే ఉండేదట, అక్కడికి వెళ్లాక ముప్పై ఎనిమిది, నలభై రోజులు పడుతోందట. నాకు ఒక్కసారీ చెప్పలేదు. నవంబరు 28కి టిక్కెట్టు చూస్తున్నాను. ఆదోని తల్లి మాట కూడా చెప్పాను. ఇంకో స్కానింగు ఉందో లేదో సోమవారం డాక్టరును అడిగి చెబుతానంది. తోడికోడలు ఇంకా ఒప్పుకోలేదు.