“వచ్చిందేనుగు”ను పేజీ మధ్యలో విరగ్గొట్టొచ్చా?

గోగుపువ్వు: “ఏనుగమ్మ ఏనుగు, ఏ ఊరొచ్చిందేనుగు, మా ఊరొచ్చిందేనుగు.” రెండో పాదం ఇదేనా, “ఏ ఊరెళ్ళిందేనుగు” అనా? ఇంగ్లీషు బొమ్మల పుస్తకం ఒకటి తెలుగు చేస్తుంటే ఈ పాట పట్టుకుంది. కుడి పేజీలో బుట్ట, మూత కాస్త లేచింది. ఇంగ్లీషు వాక్యం “దూకింది” అన్న మాట దగ్గర ఆగుతుంది. పేజీ తిప్పితే కప్ప. “బుట్టలోంచి కప్ప దూకింది” అంటే తిప్పకముందే కప్ప బయటపడిపోతుంది. పాటలోలాగా “దూకింది కప్ప” అనొచ్చా?

వేపపుల్ల: అనకూడదండీ. తెలుగులో క్రియ చివర రావాలి. కర్తను వెనక్కి నెట్టడం ఇంగ్లీషు వాసన.

పలక: రాతలో మామూలు వరస మీరన్నదే వేపపుల్ల గారూ. నోటి మాటలో మాత్రం “వచ్చాడమ్మా మీ మావయ్య” అని రోజూ అంటాం. గోగుపువ్వు గారి పాటలోనూ క్రియ తర్వాతే ఏనుగు. పైకి చదివే పుస్తకానికి నోటి వరసే దారి. చిక్కు వేరే చోట ఉంది. “వచ్చిందేనుగు”లో సంధి జరిగింది కాబట్టి విరగదు. పేజీ తిప్పాలంటే “వచ్చింది” అని ఆగాలి. “ది” హ్రస్వం, అక్కడ గొంతు దిగుతుంది. కథ అయిపోయిందనుకుని పిల్ల చూపు పక్కకు పోతుంది. అందుకే “బుట్టలోంచి దూకిందీ...” అని దీర్ఘమిచ్చి అచ్చువేయాలి. “అనగనగా ఒక రాజున్నాడూ” అన్నప్పుడు మనం సాగదీసేది అందుకే.

గుణింతం: ఇకారసంధి వైకల్పికమే కదా, “వచ్చింది ఏనుగు” అన్నా తప్పు లేదు. అయితే మాత్రలు చూడండి. “మా ఊరొచ్చిందేనుగు” పన్నెండు. విడదీస్తే పదమూడు, నడక కుంటుతుంది. నడక అంటే గురజాడదే. “గుత్తునా ముత్యాల సరములు”: మూడు, నాలుగు, మూడు, నాలుగు. 1910లో కట్టిన ఆ నడకలోనే పుస్తకమంతా రాస్తే చదివేవాళ్ళకు ఊపిరి ఎక్కడ తీసుకోవాలో చెప్పక్కర్లేదు.

పలక: గురజాడ నడక మీద నాకూ మీకున్నంత ప్రేమే మాస్టారూ. కానీ పాదానికి 14 మాత్రలు నింపడానికి “చక్కగా”, “అప్పుడు” లాంటివి దూరతాయి. బొమ్మలో పచ్చగా కనిపిస్తున్న కప్పను మళ్ళీ “పచ్చని కప్ప” అంటాం. బొమ్మ చెప్పింది మాట చెప్పక్కర్లేదు. విడదీసినప్పుడు మీరు చెప్పిన ఆ ఎక్కువ మాత్ర పేజీ తిప్పే వ్యవధిలో కలిసిపోతుంది.

వేపపుల్ల: సరే, నోటి వరస ఒప్పుకుంటాను. “దూకిందీ” మాత్రం ఒప్పుకోను. “దూకిందీ, అరిచిందీ” అన్నట్టు ఇంకో క్రియ రాబోతోందని చదివేవాళ్ళు అనుకుంటారు.

జాబిల్లి: మా పుస్తకంలో తలుపు వెనక ఉన్నది తాతయ్య. “వచ్చాడూ...” అనగానే మగవాడని తెలిసిపోతోంది. దీనికి దీర్ఘం ఏం చేస్తుంది?

పలక: ఏమీ చేయదు. ఇంగ్లీషు క్రియ లింగం చెప్పదు, మనది చెబుతుంది. కప్ప, ఏనుగు, అమ్మ అయితే “వచ్చింది” ముగ్గురికీ సరిపోతుంది, గుట్టు దాగుతుంది. తాతయ్యకు “వచ్చారు” అన్నా మనిషని తెలిసిపోతుంది. పిల్లలు గుంపుగా వస్తే “వచ్చారు”, కప్పలైతే “వచ్చాయి”. అలాంటి చోట క్రియనే వదిలేయండి. “టక్ టక్ టక్. తలుపు అవతల ఎవరు?” పేజీ తిప్పితే “తాతయ్య!”

జాబిల్లి: బాగుంది. కానీ ఆ “టక్ టక్” మా పుస్తకంలో బొమ్మలోనే ఎర్రగా ఇంగ్లీషులో గీసి ఉంది.

పలక: రంగుల్లో కలిసి ఉంటే, అక్షరాలు లేని బొమ్మ ఫైలు ప్రచురణకర్తను ముందే అడగాలి. చాలా భాషల్లో కలిపి అచ్చువేసే పుస్తకాల్లో మూడు రంగు ప్లేట్లు అందరికీ ఒకటే, నాలుగోదైన నల్ల ప్లేటు ఒక్కటే మారుతుంది. అందుకే మాటలు నలుపులోనే ఉండాలి. ముదురు రంగు మీద తెల్ల అక్షరాలు పెట్టాలంటే ఆ నాలుగు ప్లేట్లూ మార్చాలి. బుట్ట పేజీలో చోటు కూడా చూసుకోండి. 18 పాయింట్ల ఇంగ్లీషు వరసకు 24 పాయింట్ల చొప్పున అయిదు వరసలు పట్టిన చోట, మనకు వరసకు 30 చొప్పున నాలుగే పడతాయి. తగ్గించారో, పై వరసలో “ష్ట్ర” ఒత్తులు కింది వరస గుడిని తాకుతాయి. అక్షరం చిన్నది చేయకుండా ఒక వరస మాట తీసేయండి.

గుణింతం: ఒత్తులు తక్కువున్న మాటలే ఎంచుకోవచ్చుగా. కప్పకు ఒత్తుంది కానీ “ప్ప” లోతు తక్కువే.

వేపపుల్ల: “దూకింది” తర్వాత మూడు చుక్కలు పెట్టి దీర్ఘం తీసేయండి. సాగదీయడం చదివేవాళ్ళకు వదలండి.

పలక: చుక్కలు కంటికే, గొంతుకు కాదు. మొదటిసారి చదివే నాన్న హ్రస్వాన్ని హ్రస్వంగానే చదువుతాడు.

గోగుపువ్వు: రెండూ అచ్చుతీసి, కథ తెలియని ఇద్దరిచేత పైకి చదివిస్తాను. ఇంతకీ “ఏ ఊరొచ్చింది”నా, “ఏ ఊరెళ్ళింది”నా?

గుణింతం: “మంచినీళ్ళు తాగిందేనుగు” అన్నది ఆ తర్వాతి పాదమే కదా? అయితే వచ్చిందే సరి.

జాబిల్లి: మా వైపు “మంచినీళ్ళడిగిందేనుగు” అంటారండీ.