స్టేక్‌హోల్డర్ అంటే వాటాదారుడేనా?

జడ్చర్ల నుంచి, అడిగిన వ్యక్తి: మందుల ఫ్యాక్టరీలో షిఫ్ట్ సూపర్‌వైజర్ల ట్రైనింగ్ పుస్తకం తెలుగులో రాస్తున్నాను. స్టేక్‌హోల్డర్లకు వాటాదారులు అని పెట్టాను. ‘మార్పు చేసే ముందు వాటాదారులందరికీ చెప్పండి’ అని చదవగానే ఒకాయన లేచి, షేర్లు కొన్నవాళ్ల నంబర్లు మా దగ్గరెందుకుంటాయి సార్ అన్నాడు. అడిగింది న్యాయమే. డెలివరబుల్, బ్యాండ్‌విడ్త్ దగ్గర కూడా ఇలాగే ఆగిపోయాను.

మహబూబ్‌నగర్, బ్యాంకు ఉద్యోగి: స్టేక్ అంటే వాటాయే కదన్నా, తప్పేముంది? కాదంటే భాగస్వాములు అనండి, పేపర్లలో అదే వస్తుంది.

నల్లగొండ, అనువాదకురాలు: స్టేక్‌కు వాటా అనే అర్థం ఉంది తమ్ముడూ, కానీ స్టేక్‌హోల్డర్ అంటే మొదట్లో పందెం సొమ్ము దాచిపెట్టే మధ్యమనిషి. కంపెనీ పనుల వల్ల మంచో చెడో తగిలేవాళ్లు, కంపెనీని కదిలించగలిగేవాళ్లు అనే అర్థం మేనేజ్‌మెంట్‌లో బాగా పాతుకున్నది 1984లో వచ్చిన అమెరికా మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్ ఎడ్వర్డ్ ఫ్రీమన్ పుస్తకంతో. షేర్లు ఉన్నవాళ్లొక్కరే లెక్క కాదు అని చెప్పడానికి వాడిన మాటను మనం మళ్లీ వాటాదారు అంటే చెప్పదలచిందే పోతుంది. భాగస్వామి అన్నా చిక్కే, ఫ్యాక్టరీ పక్క చేను రైతు వ్యాపారంలో భాగస్వామి కాడు, కానీ నీళ్లు పాడైతే ముందు దెబ్బ తగిలేది ఆయన బోరుకే. జడ్చర్ల సార్, ఆ మాట ఉన్న ప్రతిచోటా అక్కడ ఎవరిని అంటున్నారో పక్కన పెన్సిల్‌తో రాసి చూడండి.

అడిగిన వ్యక్తి: రాశాను మేడం. పదకొండు చోట్ల ఉంది. తొమ్మిది చోట్ల తేలిపోయింది, క్వాలిటీ వాళ్లు, స్టోర్స్ వాళ్లు, తర్వాతి షిఫ్ట్. ఇప్పుడు వాక్యం ‘మార్పు చేసే ముందు క్వాలిటీకి, స్టోర్స్‌కు, తర్వాతి షిఫ్ట్‌కు చెప్పండి’ అయింది. రెండు చోట్ల మాత్రం అందరూ అనే అర్థమే.

అనువాదకురాలు: అక్కడ ‘ఈ పని ఎవరెవరికి తగులుతుందో వాళ్లంతా’ అనండి. ఒక్కచోట స్టేక్‌హోల్డర్లు అని కూడా ఉంచండి, మీటింగుల్లో వాళ్లకు వినిపించేది అదే. డెలివరబుల్‌కు బట్వాడా చేయదగినవి అని మాత్రం రాయకండి, పోస్టుమాన్ గుర్తొస్తాడు. ‘షిఫ్ట్ దిగేలోపు అప్పగించాల్సినవి: సంతకాలైన బ్యాచ్ రికార్డు’ అంటే చాలు.

దేవరకొండ, కేబుల్ నెట్ నడిపే వ్యక్తి: బ్యాండ్‌విడ్త్‌ను మార్చొద్దు సార్. మా దగ్గర వంద ఎంబీపీఎస్ లైను మీద ఇళ్లు ఎక్కువైతే రాత్రి స్పీడ్ పడిపోతుంది, కస్టమర్లకు కూడా ఆ మాట తెలుసు.

అడిగిన వ్యక్తి: అది నెట్ సంగతి అన్నా. ఇక్కడ ‘టీమ్‌కు బ్యాండ్‌విడ్త్ ఉందో లేదో చూడండి’ అని ఉంది. పుర్సత్ ఉందో లేదో అంటే మా వాళ్లకు వెంటనే ఎక్కుతుంది.

అనువాదకురాలు: నోటికి బాగుంది. కానీ పుర్సత్ టైమ్‌కే సరిపోతుంది, మనుషులు తక్కువ పడితే? ‘ఉన్న మనుషులతో ఈ పని అందుతుందా’ అని నేను రాస్తాను.

బ్యాంకు ఉద్యోగి: అది పొడుగైంది మేడం. స్లైడులో పట్టాలి కదా, నా ఓటు పుర్సత్‌కే.